టైఫాయిడ్ జ్వరం దిగింది కానీ ఓపిక రావట్లేదా? తిండిలో లోపం ఎక్కడుందో చూడండి

బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉండే మా పిన్ని కొడుక్కి టైఫాయిడ్ వచ్చింది. యాంటీబయాటిక్ మొదలుపెట్టిన ఐదో రోజుకి జ్వరం దిగింది. ఎనిమిదో రోజు ఫోన్ చేసి, "అక్కా, బాత్రూమ్ దాకా వెళ్లాలన్నా గోడ పట్టుకోవాల్సి వస్తోంది. మందు పనిచేయట్లేదేమో" అన్నాడు. నేను డైటీషియన్‌ని కాబట్టి అలవాటు కొద్దీ అడిగాను: "మందు సంగతి తర్వాత. నిన్న పొద్దుటి నుంచి ఏం తిన్నావో చెప్పరా."

నాలుగు బ్రెడ్ ముక్కలు, రెండు గ్లాసుల పల్చటి గంజి, రెండు కొబ్బరి బోండాలు, నాలుగు బిస్కెట్లు, మిగతాదంతా గ్లూకోజ్ నీళ్లు. లెక్కేస్తే ఏడెనిమిది వందల క్యాలరీలు, పన్నెండు గ్రాముల ప్రొటీన్. వాడి బరువు 58 కిలోల నుంచి 53కి పడిపోయింది. ఆ బరువుకి రోజుకి కనీసం 1,600 క్యాలరీలు, 60 గ్రాముల ప్రొటీన్ కావాలి.

సమస్య: లేచి నిలబడితే కళ్లు తిరగడం

కారణం: చెమటతో, విరేచనాలతో నీళ్లే కాదు, ఉప్పు కూడా పోతుంది. గ్లూకోజ్ నీళ్లలో పంచదార ఉంటుంది కానీ ఉప్పు దాదాపు ఉండదు. కొబ్బరినీళ్లలోనూ తక్కువే.

పరిష్కారం: ఒక లీటరు ఓఆర్ఎస్ ప్యాకెట్‌ని సరిగ్గా లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి, రోజంతా కొద్దికొద్దిగా తాగాలి. మర్నాటికి మిగిలితే పారబోయాలి. దాంతోపాటు ఉప్పు వేసిన మజ్జిగ, పల్చటి చారు. మూత్రం లేత రంగులోకి వస్తే నీళ్లు సరిపోతున్నట్టే. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా ఓఆర్ఎస్ తాగకూడదు.

సమస్య: జ్వరం పోయి వారమైనా కాళ్లు పీకడం, మెట్లు ఎక్కలేకపోవడం

కారణం: జ్వరంలో ఒళ్లు కండని కరిగించి వాడుకుంటుంది. అది తిరిగి పట్టాలంటే ప్రొటీన్ కావాలి, గంజిలో అది లేదు. "పేగులో పుండ్లుంటాయి, పథ్యం తప్పొద్దు" అని పిన్ని అనంతపురం నుంచి రోజూ చెబుతోంది. పుండ్లన్న మాట నిజమే. చిన్నపేగు చివర పుండ్లు పడతాయి, అందుకే పీచు, కారం, వేపుళ్లు కొన్నాళ్లు వద్దంటాం. అంతేగానీ మెత్తటి పప్పూ, గుడ్డూ వాటినేం చెయ్యవు.

పరిష్కారం: వాడికి రాసిచ్చిన ఒక రోజు తిండి ఇది. పొద్దున ఏడింటికి గ్లాసు పాలు. తొమ్మిదింటికి రెండు ఇడ్లీలు, చట్నీ బదులు మెత్తటి పప్పుతో. దర్శిని హోటల్లో ఇడ్లీ వేడిగా తెచ్చుకోవచ్చు కానీ, చట్నీలో ఏ నీళ్లు పోశారో మనకు తెలియదు. పదకొండుకి ఉడికించిన గుడ్డు, ఒక అరటిపండు. ఒంటిగంటకి మెత్తగా ఉడికిన అన్నం, పెసరపప్పు, చెంచా నెయ్యి, కప్పు పెరుగు. నాలుగింటికి ఇంకో గుడ్డు, సగ్గుబియ్యం జావ. రాత్రి ఏడున్నరకి మిరియాలు లేని పొంగలి, కొంచెం పెరుగు. పడుకోబోయే ముందు మళ్లీ పాలు. ఇదంతా కలిపితే ప్రొటీన్ 60 గ్రాముల దగ్గరికి వస్తుంది.

మొదటి మూడు రోజులు ఇందులో సగమే తినమన్నాను. రెండు ముద్దలకే కడుపు నిండినట్టు అనిపించడం మామూలే, అందుకే ఏడు పూటలుగా విడగొట్టాం. తినేటప్పుడు గ్లాసులకొద్దీ నీళ్లు తాగితే ఆ రెండు ముద్దలూ లోపలికి పోవు. పాలు తాగితే ఉబ్బరం, విరేచనాలు వస్తున్నాయంటే పాలు కొన్నాళ్లు మానేసి పెరుగు పెంచాలి. సిప్రోఫ్లాక్సాసిన్ వాడుతుంటే పాలు, పెరుగు దానికి రెండు గంటల దూరంలో ఉండాలి, లేకపోతే మందు సరిగా ఒంటికి పట్టదు.

సమస్య: మూడు రోజులైనా విరేచనం కాకపోవడం

పరిష్కారం: నీళ్లు, బాగా పండిన అరటిపండు, తొక్క తీసి ఉడికించిన సొరకాయ. ఆముదం తాగించమని పిన్ని అంది, గట్టిగా వద్దన్నాను. పుండ్లున్న పేగుని విరేచనాల మందుతో కుదిపితే ప్రమాదం. అయిదో రోజుకీ కాకపోతే డాక్టరే చూడాలి.

తిండితో సరిచేయలేనివి

మలం తారులా నల్లగా రావడం, రక్తం పడటం, ఉన్నట్టుండి కడుపులో భరించలేని నొప్పి, పొట్ట బిగుసుకుపోవడం. వీటిలో ఏది కనిపించినా నోటికేమీ ఇవ్వకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పేగుకి రంధ్రం పడటం ఎక్కువగా జబ్బు మూడో వారంలో జరుగుతుంది, అంటే తగ్గిపోయిందని మనం అనుకునే రోజుల్లోనే. తగ్గిన తర్వాత ఒకటి నుంచి మూడు వారాల్లో జ్వరం తిరగబెట్టడం కూడా ఉంది. అందుకే వాడిని రోజూ సాయంత్రం థర్మామీటర్ పెట్టుకోమన్నాను.

పన్నెండు రోజులకి కిలోన్నర పెరిగాడు, రెండంతస్తులు ఆగకుండా ఎక్కాడు. ఎక్కగానే ఫోన్ చేసి అడిగింది ఒక్కటే: "అక్కా, ఆవకాయ ఎప్పుడు?" ఇంకో రెండు వారాలు ఆగరా అన్నాను.