ఫోకస్ గ్రూప్ రికార్డింగ్‌కు సారాంశం రాయడం ఎలా? ఒక్కరి గొంతు ఎనిమిది మంది మాటగా మారకుండా

ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల తెలుగు పల్లెల్లో, కొద్దిమందిని ఒకచోట కూర్చోబెట్టి ఒక విషయంపై మాట్లాడించే ఫోకస్ గ్రూప్ చర్చల సారాంశాలు సరిచూడటానికి నా దగ్గరకు తరచుగా వస్తుంటాయి. వాటిలో “పాల్గొన్నవారు ఇలా అభిప్రాయపడ్డారు” అనే వాక్యం కనబడగానే నేను రికార్డింగ్ తెరుస్తాను. ఆ పాల్గొన్నవారు చాలాసార్లు ఒక్కరే అయి ఉంటారు. గట్టిగా, మళ్లీ మళ్లీ, పూర్తి వాక్యాల్లో మాట్లాడిన మనిషి మాట రాసుకోవడానికి సులువు కాబట్టి అదే సారాంశంలోకి ఎక్కుతుంది.

కావలసినవి కొద్దే: రికార్డింగ్, చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు, చర్చ జరిగినప్పుడు పక్కన కూర్చున్న వ్యక్తి రాసుకున్న నోట్సు, ఒక గీతల పుస్తకం, పెన్సిలు. కంప్యూటర్‌లో పట్టిక వేసుకునేవారు వేసుకోవచ్చు గానీ, నిర్ణయాన్ని చాలాసార్లు చెరిపి రాయాల్సిన ఈ పనికి పెన్సిలే సరైనది.

మొదటిసారి రికార్డింగ్‌ను ఎక్కడా ఆపకుండా వినాలి, ఏమీ రాయకూడదు. రెండోసారి వింటూ, కూర్చున్న వరుసను బట్టి ప్రతి మనిషికీ ఒక అంకె ఇచ్చి, ఎవరు ఏ నిమిషంలో ఏ విషయంపై మాట్లాడారో రాసుకోవాలి. గొంతు ఎవరిదో తేలకపోతే “తెలియదు” అని రాసి వదిలేయాలి. ఊహించి ఎవరో ఒకరికి అంటగట్టిన మాట తర్వాత లెక్క మొత్తాన్ని చెడగొడుతుంది.

ఆ తర్వాత పట్టిక గీయాలి. అడ్డంగా మనుషులు, నిలువుగా విషయాలు. ఒక గడిలో ఒక మనిషి వైఖరి ఒక్కసారే పడాలి. అదే మాటను ఆ మనిషి పదకొండు సార్లు చెప్పినా గుర్తు ఒక్కటే. ఒక మాట ఎన్నిసార్లు వినబడిందో లెక్కపెట్టి, ఎక్కువసార్లు వచ్చినదే ముఖ్యమని తేల్చే పద్ధతి కొందరికి ఇష్టం. అది అలుపు లేకుండా మాట్లాడేవారికే బహుమతి ఇస్తుంది. మనం లెక్కపెట్టవలసింది మనుషులను.

ఇక్కడిదాకా ఎవరైనా చేయగలరు. పని చెడేది గడిలో ఏ గుర్తు పెట్టాలో నిర్ణయించే దగ్గర. అందుకని పర్లాకిమిడి వైపు పల్లెల్లో జరిగే చర్చల తీరులోనే ఒక ఉదాహరణ అల్లి వివరిస్తాను. ఎనిమిది మంది మహిళలు, యాభై నిమిషాల రికార్డింగ్, కుళాయి నీళ్లు ఉదయం 6 గంటలకు వదలాలా, 10 గంటలకా అన్నది విషయం. నాలుగో ఆమె దాదాపు ఇరవై నిమిషాలు తానే మాట్లాడి, పది గంటలే మేలని పదకొండు సార్లు చెప్పింది. ఒకసారి వినేసి రాస్తే సారాంశం “మహిళలు పది గంటలను కోరుతున్నారు” అని తయారవుతుంది.

రెండు, ఐదు, ఏడు అంకెలవారితో చిక్కు లేదు. జీడిపిక్కల పనికో కూలికో ఏడింటికే బయలుదేరుతామని, ఆరింటికి రాకపోతే నీళ్లు దొరకవని ఎవరి కారణం వారు చెప్పారు. సొంత కారణంతో వచ్చిన మాటకు నిండు గుర్తు పెట్టాలి. ఆరో ఆమె తన ఇంట్లో బోరు ఉందని, ఏ వేళైనా ఫరవాలేదని చెప్పింది కాబట్టి ఆమెది వేరే గుర్తు.

ఒకటో ఆమె నాలుగో ఆమె మాట్లాడుతున్నంతసేపూ “ఆఁ, అవునవును” అంటూనే ఉంది. దీన్ని సమ్మతిగా లెక్కించడం నేను అన్నిటికంటే ఎక్కువగా చూసే తప్పు. వింటున్నానని తెలపడానికి మనం అలా అంటూ ఉంటాం, పెద్దవారు మాట్లాడుతుంటే మరీనూ. ఆ శబ్దం ఎదుటివారి వాక్యం పూర్తికాకముందే వచ్చిందా, ఆ తర్వాత సొంతంగా ఒక్క ముక్కైనా జోడించిందా అని చూడాలి. జోడించకపోతే గడిని ఖాళీగా ఉంచాలి. తల ఊపడం రికార్డింగ్‌లో వినబడదు కాబట్టి ఇక్కడ పక్కవారి నోట్సు చూడాలి. అందులోనూ లేకపోతే ఖాళీ ఖాళీగానే మిగలాలి. మౌనం అంగీకారం కాదు, వ్యతిరేకతా కాదు.

మూడో ఆమె మరింత జాగ్రత్తగా చూడవలసిన మనిషి. నాలుగో నిమిషంలో, ఇంకా ఎవరి గొంతూ పెరగకముందు, తనకు ఆరు గంటలే కావాలంది. ముప్ఫయ్యో నిమిషంలో నాలుగో ఆమె ఆమెవైపు తిరిగి “ఏటే, నీకూ పదైతేనే బాగుంటాది కదా?” అంటే “సర్లే వదినా” అని ఊరుకుంది. చివరి మాటనే అభిప్రాయంగా తీసుకునేవారు ఆమెను పది గంటల పక్షాన చేర్చేస్తారు. అలా చేర్చకముందు రెండు పరీక్షలు పెట్టాలి. మనసు మార్చుకున్నందుకు ఆమె కారణం ఏదైనా చెప్పిందా? తర్వాత వేరే విషయం వచ్చినప్పుడు తన ఇంట్లో జరిగేదాన్ని ఎలా వర్ణించింది? కారణం చెప్పలేదు. పైగా నలభై ఒకటో నిమిషంలో బిందెల గురించి మాట్లాడుతూ, ఆరింటికి పట్టిపెట్టి పనికి పోతే సాయంత్రం దాకా సరిపోతాయని తానే చెప్పింది. అభిప్రాయం అడిగినప్పుడు లొంగినవారు కూడా తమ రోజు ఎలా గడుస్తుందో చెప్పేటప్పుడు నిజం చెబుతారు. కాబట్టి ఆమెను ఆరు గంటల గడిలోనే ఉంచి, మధ్యలో ఒత్తిడి మీద ఒప్పుకున్నదని పక్కన గుర్తు పెట్టాలి. ఒకవేళ ఆమె కొత్త కారణం చెప్పి ఉంటే, నిజంగానే మనసు మార్చుకున్నట్టు రాయవలసి వచ్చేది.

ఎనిమిదో ఆమె ఒడియా మాట్లాడే ఇంటిది. నాలుగో ఆమె గొంతు కింద “సకాళే భల” అని ఒక్కసారి అన్నది. ఉదయమే మంచిదని. రెండు భాషలు కలిసే ఈ ప్రాంతంలో ఇలాంటి చిన్న మాటను, రికార్డింగ్‌ను తెలుగులో టైపు చేసే మనిషి అర్థం కాలేదని వదిలేస్తాడు. ఒడియా తెలిసిన వ్యక్తితో ఆ చోటును తిరిగి వినిపించుకోవాలి. అయినా ఉదయం అంటే ఆరా, పదా అన్న అనుమానం రావచ్చు. అప్పుడు ఆమె ఏ ప్రశ్నకు జవాబిచ్చిందో చూడాలి. ఇక్కడ అంతకుముందే అడిగింది ఆరు గంటల గురించి కాబట్టి అదే గడిలో పడుతుంది.

ఇప్పుడు పట్టికను చూసి సారాంశం రాయాలి. “ఎనిమిది మందిలో ఐదుగురు ఆరు గంటలను కోరారు, వారిలో ఒకరు మధ్యలో ఒత్తిడి వచ్చినప్పుడు పది గంటలకు సరే అన్నారు. ఒకరు పది గంటలను కోరారు. ఒకరికి ఏ వేళైనా ఫరవాలేదు. ఒకరి అభిప్రాయం తెలియలేదు.” ఇంత చిన్న గుంపుకు శాతాలు వేయడం నాకు అసలు నచ్చదు. అరవై రెండున్నర శాతం అనగానే చదివేవారు ఊరంతటి లెక్క అనుకుంటారు. ఇది ఆ గదిలో కూర్చున్నవారి మాట మాత్రమే. ఇదే విషయంపై నాలుగు ఊళ్లలో చర్చలు జరిపితే, అందరినీ ఒకే కుప్పగా పోయకుండా, ఏ ఊరి పట్టికను ఆ ఊరికే ఉంచి, ఎన్ని చర్చల్లో ఈ వైఖరి ఎక్కువమందిదో చెప్పాలి.

నాలుగో ఆమె మాటను కొట్టివేయకూడదు. ఆరింటికి కరెంటు వోల్టేజీ తక్కువగా ఉండి ట్యాంకు నిండదని, చివరి ఇళ్లకు నీళ్లు అందవని ఆమె చెప్పిన కారణం మరెవ్వరూ చెప్పలేదు. మనుషుల లెక్కలో ఆమె ఒక్కరే. కారణం మాత్రం విడిగా, “వెళ్లి సరిచూడవలసినవి” అనే శీర్షిక కింద రాయాలి, ఎందుకంటే అది ఎందరు ఒప్పుకుంటారన్న విషయం కాదు, ట్యాంకు దగ్గరకు వెళ్లి చూస్తే తేలే విషయం.

ఉదాహరణకు మాటలు ఎత్తి రాసేటప్పుడు ఒక మనిషివి ఒక్కటే రాయాలి, ముందు ఎక్కువమంది వైపు నుంచి రాయాలి. నాలుగో ఆమె వాక్యాలు సొంపుగా ఉంటాయి కాబట్టి మూడు ఆమెవే తీసుకుని, మిగతావారిది ఒక్కటి పెడితే, పైన అంకెలు సరిగ్గా ఉన్నా చదివినవారికి గుర్తుండేది ఆమె గొంతే. రాసిన సారాంశాన్ని చర్చలో పక్కన కూర్చుని నోట్సు రాసుకున్న వ్యక్తికి ఇచ్చి, పట్టికలో ఖాళీగా ఉన్న గడులను మాత్రం వేలుపెట్టి చూపి అడగాలి.