స్టేట్‌మెంట్ మీద కస్టమర్ అడిగితే ఇచ్చే జవాబు: ఎక్కడ తేడా కొడుతుంది, ఎట్లా సరిచేయాలి

వరంగల్‌లో పైపులు, ఫిట్టింగ్‌లు హోల్‌సేల్‌గా అమ్మే షాపులో లెక్కలు చూస్తాను. ప్రతి మూడు నెలలకూ పార్టీలకు ఖాతా స్టేట్‌మెంట్ పంపుతాం. మొన్న జూలైలో జమ్మికుంట పార్టీ ఒకరు ఏప్రిల్ 1 నుంచి జూన్ 30, 2025 వరకున్న స్టేట్‌మెంట్ చూసి మూడు ప్రశ్నలు రాసి పంపారు. స్టేట్‌మెంట్ చివర బాకీ 1,86,420 రూపాయలు. వారి ప్రశ్నలు ఇవి: జూన్ 9న యూపీఐలో పంపిన 25,000 ఎందుకు కనబడలేదు? జూన్ 14న వాపసు పంపిన పగిలిన పైపుల విలువ ఎందుకు తగ్గించలేదు? మే 16న 48,500 డెబిట్ ఏ బిల్లుది?

మొదటి రెండూ మా తప్పులే. మూడోది సరైన ఎంట్రీ. మా దగ్గర కొత్తగా చేరిన అబ్బాయి రాసిన మొదటి జవాబు ఇట్లా ఉంది:

"మీ ఉత్తరం అందింది. జరిగిన పొరపాట్లకు చింతిస్తున్నాము. 25,000 పొరపాటున వేరే పార్టీ ఖాతాలో పడింది, సరిచేస్తాము. వాపసు సరుకు 4,200 కూడా తగ్గిస్తాము. 48,500 మీ చెక్కు బౌన్స్ అయినందున వేసినది, అది సరైనదే. దయచేసి బాకీ వెంటనే చెల్లించగలరు."

ఇందులో కావాలని రాసిన అబద్ధం ఒక్కటీ లేదు. అయినా ఇది పోతే మళ్లీ ఫోను రావడం ఖాయం. ఏ మాటకు ఏ ఫోను వస్తుందో, దాని వెనక ఏముందో ఒక్కొక్కటిగా చూద్దాం.

సమస్య 1: "మంచిగనే ఉంది గాని, గిప్పుడు నేను కట్టాల్సింది ఎంత?"

కారణం పైకి చూస్తే చిన్నదే, జవాబులో కొత్త బాకీ అంకె లేదు. ఎందుకు లేదంటే ఉత్తరం రాసేనాటికి లెడ్జర్‌లో ఎంట్రీలే పడలేదు. "సరిచేస్తాము", "తగ్గిస్తాము" అన్న మాటలు కనబడ్డాయంటే పని ఇంకా మిగిలే ఉందని అర్థం. ఉత్తరం పోయాక ఆ పని మరిచిపోతే, వచ్చే స్టేట్‌మెంట్‌లో అవే తప్పులు మళ్లీ కనబడతాయి. అప్పుడు మన మాట మీద నమ్మకం పోతుంది.

అందుకే మొదట టాలీలో ఎంట్రీలు వేసి, ఆ తర్వాతే ఉత్తరం రాయాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. 25,000 పడిన పాత రసీదు వోచర్‌ను తెరిచి, పార్టీ పేరు మార్చేస్తే పని అయిపోతుందని అనిపిస్తుంది. అట్లా చేయొద్దంటాను. ఇద్దరు పార్టీలకూ జూన్ స్టేట్‌మెంట్ ఇప్పటికే పోయింది. వెనక తేదీలో మారిస్తే వాళ్ల చేతిలో ఉన్న కాగితానికీ మన కంప్యూటర్‌కూ పొత్తు కుదరదు. ఈరోజు తేదీతో, అంటే జూలై 7న, ఒక జర్నల్ వోచర్ వేయాలి. ఆ వేరే పార్టీకి 25,000 డెబిట్, జమ్మికుంట పార్టీకి 25,000 జమ. నెరేషన్‌లో అసలు చెల్లింపు తేదీ జూన్ 9, దాని 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబరు రాయాలి.

వాపసు సరుకుకు ఇచ్చే క్రెడిట్ నోట్ ఎట్లాగూ ఇచ్చిన రోజు తేదీతో, వరుస నంబరుతోనే ఉండాలి. కాబట్టి రెండు సవరణలూ జూలైలోనే కనబడతాయి. "జూన్ 30 బాకీ ఇప్పుడు ఇంత" అని రాస్తే అది తప్పు. జూన్ 30 నాటి పాత అంకె చూపి, రెండూ తీసేసి, జూలై 7 నాటి అంకె ఇవ్వాలి: 1,86,420 లోంచి 25,000, ఆపైన 4,956 తీస్తే 1,56,464. ఈ ఏడు రోజుల్లో వేరే బిల్లు గానీ జమ గానీ ఉందేమో చూసి, లేకపోతే లేదని కూడా రాయాలి.

సమస్య 2: వాపసు సరుకు అంకె మీద "మా లెక్కకు వస్తలేదు" అనడం

4,956 అన్నాను కదా, అబ్బాయి 4,200 రాశాడు. గోదాం వాళ్లు వాపసు వచ్చిన సరుకును తమ నోట్‌బుక్‌లో పన్ను లేని రేటుతో రాసుకుంటారు. అతను ఆ అంకెను అట్లాగే ఎత్తి రాశాడు. పీవీసీ పైపుల మీద జీఎస్టీ 18 శాతం. 4,200 మీద పన్ను 756, మొత్తం 4,956. పార్టీ కొన్నప్పుడు పన్నుతోనే కొన్నాడు, ఖాతాలో డెబిట్ కూడా పన్నుతోనే పడింది. తగ్గించేటప్పుడు పన్ను వదిలేస్తే అతనికి 756 నష్టం.

అసలు ఈ ఎంట్రీ ఎందుకు తప్పిపోయిందో కూడా ఉత్తరం రాసే ముందే తెలుసుకోవాలి. సరుకు గోదాంకు వచ్చింది, అక్కడ రాసుకున్నారు, కానీ ఆ చిట్టీ మా టేబుల్ దాకా రాలేదు. ఉత్తరంలో ఈ కథంతా అవసరం లేదు, ఒక్క వాక్యం చాలు. అయితే క్రెడిట్ నోట్ కాపీ జత చేసి, అది మా జూలై రిటర్న్‌లో చూపిస్తామని చెప్పాలి. దానికి తగ్గట్టు ఆయన తన ఇన్‌పుట్ ట్యాక్స్‌లో 756 తగ్గించుకోవాలనీ చెప్పాలి. చెప్పకపోతే, కొన్నాళ్లకు ఆయన ఆడిటర్ ఫోన్ చేస్తాడు.

సమస్య 3: మూడోది కూడా ఒప్పుకున్నట్టు పార్టీ అనుకోవడం

దీన్ని ఫోను కంటే ముందు చెల్లింపులోనే గుర్తుపట్టొచ్చు. 48,500 కూడా తీసేసుకుని మిగతాదే కడతారు. "ఒప్పుకున్నరు గదా, ఉత్తరంలనే రాసిండ్రు" అంటారు. కారణం రెండో వాక్యం. "జరిగిన పొరపాట్లకు చింతిస్తున్నాము" అని పైన పెట్టేసరికి ఆ క్షమాపణ మూడింటి మీదా పరుచుకుంది.

క్షమాపణను పై నుంచి తీసేసి, తప్పున్న ఆ రెండు పేరాల్లోనే పెట్టాలి. మూడోదానికి "సరైనదే" అన్న తీర్పు కూడా వద్దు. అడిగిన మనిషి తప్పు అడిగినట్టు అవుతుంది. నిజానికి ఆయన అడగడం సబబే. స్టేట్‌మెంట్‌లో ఆ వరుస ఎదురుగా బిల్లు నంబరు లేదు, నెరేషన్ లేదు. అది చూసి ఎవరైనా "మేం గంత సరుకు తీసుకోలె గదా" అనే అంటారు.

సమస్య 4: 48,500 గురించి చెప్పినా అర్థం కాకపోవడం, లేదా మనసు నొచ్చుకోవడం

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది దీనికే. "బౌన్స్" అనే మాట మన దిక్కు వ్యాపారంలో చాలా బరువైనది. ఖాతాలో డబ్బు లేదనే అర్థమే తోస్తుంది. కానీ బ్యాంకు ఇచ్చిన రిటర్న్ మెమో తీసి చూస్తే సంతకం తేడా అని ఉంది. డబ్బుతో సంబంధమే లేదు. మెమో చూడకుండా ఆ మాట రాయడం పదేళ్ల పార్టీని అనవసరంగా అవమానించడమే. "సంతకం తేడా ఉందని బ్యాంకు చెక్కును తిప్పి పంపింది" అని రాస్తే ఉన్నదున్నట్టు ఉంటుంది.

రెండోది, ఒక్క వరుసను విడిగా వివరిస్తే ఎవరికీ అర్థం కాదు. ఆ డెబిట్ ముందొక జమకు, వెనకొక జమకు ముడిపడి ఉంది. మే 14న చెక్కు వచ్చినప్పుడు 48,500 జమ వేశాం. మే 16న అది తిరిగి వస్తే ఆ జమను రద్దు చేయడానికి 48,500 డెబిట్ వేశాం. మే 20న వారు నెఫ్ట్‌లో పంపితే మళ్లీ 48,500 జమ. పార్టీకి రెండు జమలు కనబడ్డాయి, మధ్యలో తెలియని డెబిట్ ఒకటి కనబడింది. మూడు వరుసలనూ ఒకదాని కింద ఒకటి పెడితే తానే లెక్క తేల్చుకుంటాడు.

మే 16నే ఇంకో వరుస కూడా ఉంది, 295 రూపాయలు. చెక్కు తిరిగొచ్చినందుకు బ్యాంకు మా దగ్గర తీసుకున్న 250, దాని మీద జీఎస్టీ 45. దాన్నే పార్టీ ఖాతాకు వేశాం. పార్టీ దీని గురించి అడగలేదు. అయినా ఈ ఉత్తరంలోనే చెప్పాలి. పైన వరుస వివరించి పక్కనున్న వరుస దాటవేస్తే, రేపు కనబడినప్పుడు దాచినట్టు అవుతుంది. 295 మాఫీ చేయాలా వద్దా అన్నది మా సేటు నిర్ణయం. ఆయన్ను అడగకుండా ఉత్తరంలో మాట ఇవ్వకూడదు. అడిగాను, ఉండనీ అన్నారు.

చివరి వాక్యం, "బాకీ వెంటనే చెల్లించగలరు", కొట్టేశాను. తప్పు మనది రెండుసార్లు ఉన్న ఉత్తరంలో వసూలు మాట చెల్లదు. అది కావాలంటే వారం తర్వాత వేరేగా అడగొచ్చు.

దిద్దిన తర్వాత పంపిన జవాబు ఇది:

"నమస్కారం. మీ స్టేట్‌మెంట్‌లో రెండు సవరణలు చేశాము. దాంతో జూలై 7 నాటికి మీ బాకీ 1,56,464 రూపాయలు. జూలై 1 నుంచి నేటి వరకు మీ ఖాతాలో వేరే బిల్లు గానీ జమ గానీ లేదు.

జూన్ 9న మీరు పంపిన 25,000 మాకు అందింది. మా పొరపాటు వల్ల వేరే ఖాతాలో పడింది, మన్నించగలరు. నేటి తేదీతో మీ ఖాతాకు జమ చేశాము.

జూన్ 14న వచ్చిన వాపసు సరుకుకు క్రెడిట్ నోట్ ఇవ్వడంలో మేము ఆలస్యం చేశాము, క్షమించాలి. సరుకు 4,200, జీఎస్టీ 756, మొత్తం 4,956కు నేడు క్రెడిట్ నోట్ ఇచ్చాము, కాపీ జత చేశాము. ఇది మా జూలై రిటర్న్‌లో వస్తుంది. మీ ఇన్‌పుట్ ట్యాక్స్‌లో 756 తగ్గించుకోగలరు.

మే 16 నాటి 48,500 బిల్లు కాదు. మీ చెక్కుకు సంబంధించిన వరుసలు ఇవి:
మే 14: చెక్కు అందింది, జమ 48,500
మే 16: సంతకం తేడా ఉందని బ్యాంకు తిప్పి పంపింది, పై జమ రద్దు, డెబిట్ 48,500
మే 16: బ్యాంకు ఛార్జీ, డెబిట్ 295
మే 20: మీరు నెఫ్ట్‌లో పంపారు, జమ 48,500
అంటే మీరు కట్టిన 48,500 ఒకసారి పూర్తిగా జమ అయింది. అదనంగా పడింది 295 మాత్రమే. బ్యాంకు మెమో కాపీ జత చేశాము. స్టేట్‌మెంట్‌లో ఈ వివరం రాయకపోవడం వల్ల మీకు అనుమానం వచ్చింది. ఇకముందు రాస్తాము."

పంపే ముందు ఒక పరీక్ష చేస్తాను. లెడ్జర్ మూసేసి, పార్టీ చేతిలో ఉన్న పాత స్టేట్‌మెంట్, ఈ ఉత్తరం మాత్రమే పక్కపక్కన పెట్టుకుని కాగితం మీద కూడిక తీసివేత చేస్తాను. 1,56,464 వస్తేనే పంపుతాను. ఆ తర్వాత టాలీ తెరిచి అదే అంకె ఉందా చూస్తాను.

ఉత్తరంలో "వేరే ఖాతా" అని మాత్రమే రాశాం. ఒకే దేవుడి పేరు మీద జమ్మికుంటలో ఒక షాపు, హుజూరాబాద్‌లో ఒక షాపు ఉన్నాయి, అందుకే తారుమారైంది. ఎవరి ఖాతాలో పడిందో జమ్మికుంట వారికి చెప్పే హక్కు మనకు లేదు. కానీ హుజూరాబాద్ వారి స్టేట్‌మెంట్‌లో తాము కట్టని 25,000 జమగా కనబడుతోంది, ఇప్పుడు అది డెబిట్ అవుతుంది. వాళ్లు అడిగేదాకా ఆగకుండా అదే రోజు మధ్యాహ్నం నేనే ఫోన్ చేసి చెప్పాను.