అమెరికాలో కంపెనీల విలీనాలు, పన్ను లెక్కలు – 3వ పాఠం: షేర్లతో పాటు కాస్త నగదు కూడా వస్తే

పోయిన పాఠంలో చెప్పుకున్నది ఒక్కసారి గుర్తు చేసుకుందాం. రెండు కంపెనీలు కలిసినప్పుడు కొనే కంపెనీ డబ్బు బదులు తన షేర్లే ఇస్తే, అమెరికా పన్ను చట్టం దాన్ని అమ్మకం కింద లెక్కేయదు, వాటాదారు పెట్టుబడి కొత్త రూపంలో కొనసాగుతోందని చూస్తుంది. 1918 నాటి చట్టం నుంచీ ఈ ఆలోచన ఉంది. చేతికి డాలరు రాని మనిషిని పన్ను కట్టమంటే, కట్టడానికి ఆ షేర్లనే అమ్ముకోవాల్సి వస్తుంది కదా. ఇప్పుడు ఈ సౌకర్యం సెక్షన్ 368 చెప్పిన రకాల్లో ఒకదానిలో పడే విలీనాలకే దొరుకుతుంది.

కానీ నిజం విలీనాల్లో అంతా షేర్లే ఇచ్చేవి ఒక్కటే ఉండవు. కొంత షేర్లు, కొంత నగదు ఇచ్చేవీ బోలెడు. ఆ నగదుని ఈ రంగంలో వాళ్లు ‘బూట్’ అంటారు. ఇవాళ్టి పాఠమంతా దాని గురించే, ఎందుకంటే వాటాదారులు ఎక్కువగా తప్పు లెక్క వేసేది ఇక్కడే.

ఒక లెక్క తీసుకుందాం. మీ దగ్గర చిన్న కంపెనీ షేర్లు 1,000 ఉన్నాయి, ఒక్కోటి 10 డాలర్లకి కొన్నారు, అంటే మీ కొన్న ఖర్చు 10,000 డాలర్లు (దీన్నే బేసిస్ అంటారు). ఒక పెద్ద కంపెనీ దీన్ని తనలో కలుపుకుంటూ, మీ ప్రతి షేరుకీ తన షేరులో సగం, పైన 10 డాలర్ల నగదు ఇస్తానంది. పెద్ద కంపెనీ షేరు ధర 60 డాలర్లు. అంటే మీకు 30,000 డాలర్ల విలువైన 500 షేర్లు, 10,000 డాలర్ల నగదు, మొత్తం 40,000 వస్తుంది. మీ అసలు లాభం 30,000.

మొత్తం నగదే ఇచ్చుంటే ఆ 30,000 మీదా ఈ ఏడాదే పన్ను పడేది. ఏడాదికి మించి ఉంచుకున్న షేర్లయి, మీ రేటు 15 శాతం అనుకుంటే 4,500 డాలర్లు. ఇప్పుడు మాత్రం సూత్రం ఇది: మీ లాభం, మీకొచ్చిన బూట్, ఈ రెండిట్లో ఏది తక్కువైతే దాని మీదే పన్ను. ఇక్కడ తక్కువది 10,000, కాబట్టి పన్ను 1,500. కొన్ని సందర్భాల్లో ఆ బూట్‌ని డివిడెండ్‌గా చూసే నిబంధన కూడా ఉంది గానీ, పెద్ద లిస్టెడ్ కంపెనీలో చిన్న వాటా ఉన్నవాళ్లకి మామూలుగా అది క్యాపిటల్ గెయిన్‌గానే మిగులుతుంది.

మిగతా 20,000 లాభం ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు, కొత్త షేర్ల బేసిస్‌లో దాక్కుంది. పాత బేసిస్ 10,000, అందులోంచి నగదు 10,000 తీసేయండి, పన్ను కట్టిన లాభం 10,000 కలపండి, మళ్లీ 10,000 వస్తుంది. అది 500 షేర్లకి పంచితే షేరుకి 20 డాలర్లు. ఎప్పుడో వాటిని 60కి అమ్మితే షేరుకి 40 చొప్పున సరిగ్గా 20,000 లాభం బయటపడుతుంది. అంటే పన్ను మాఫీ కాలేదు, వాయిదా పడింది, అంతే. అయితే అమ్మకుండానే పోయారనుకోండి, వారసులకి ఆ షేర్ల బేసిస్ మామూలుగా ఆ రోజు మార్కెట్ విలువకి మారిపోతుంది కాబట్టి వాయిదా పడిన పన్ను ఇక ఎవరూ కట్టరు. పాత వాటాదారులు నగదు కంటే షేర్లకే మొగ్గు చూపడానికి ఇదో పెద్ద కారణం.

ఇప్పుడు అసలు పేచీ. అదే విలీనంలో మీ పక్కవాడు ఆ షేర్లు ఒక్కోటి 45కి కొన్నాడు, బేసిస్ 45,000. అతనికి 40,000 వచ్చింది, 5,000 నష్టం. నగదు చేతికొచ్చింది కదా, నష్టం చూపించుకుంటా అంటే కుదరదు, ఇలాంటి విలీనంలో నష్టాన్ని గుర్తించరు. అతని కొత్త బేసిస్ 45,000 లోంచి 10,000 పోగా 35,000, షేర్ల విలువ 30,000, ఆ నష్టం వాటిల్లోనే ఉంటుంది, అమ్మినప్పుడే వాడుకోవాలి.

ఒకే మనిషి వేర్వేరు రోజుల్లో వేర్వేరు ధరలకి కొనుంటే ఇంకా చిక్కు. 500 షేర్లు 10కి, 500 షేర్లు 45కి కొన్నారనుకోండి. ఒప్పందం వేరేలా చెప్పకపోతే నగదు రెండు వాటాలకీ చెరి 5,000 పడుతుంది, లెక్క కూడా విడివిడిగానే. మొదటి వాటాలో లాభం 15,000, బూట్ 5,000, కాబట్టి 5,000 మీద పన్ను. రెండో వాటాలో 2,500 నష్టం, దాన్ని పక్కన పెట్టేయాలి. రెండూ కలిపేసి ఒకే లెక్క వేస్తే మొత్తం లాభం 12,500, బూట్ 10,000, పన్ను 10,000 మీద అని వస్తుంది, అంటే అనవసరంగా రెట్టింపు. పోనీ 5,000 లోంచి నష్టం 2,500 తీసేద్దామా అంటే అదీ ఒప్పుకోరు. బ్రోకర్ పంపిన కాగితంలో అంకె ఉంది కదా అని కళ్లు మూసుకుని ఎక్కించకండి. విలీనం వల్ల బేసిస్ ఎలా మారుతుందో చెప్పే ఫారం 8937 కంపెనీ వెబ్‌సైట్‌లో సాధారణంగా దొరుకుతుంది, దానితో పోల్చి చూసుకోండి.

ఇంతకీ నగదు ఎంతవరకు ఇవ్వొచ్చు? నేరుగా ఒక కంపెనీ ఇంకోదాన్లో కలిసిపోయే విలీనంలో, చెల్లింపులో సుమారు 40 శాతమైనా కొనే కంపెనీ షేర్లుండాలని లాయర్లు పట్టుబడతారు, నిబంధనల్లోని ఉదాహరణలో ఉన్న అంకె అది. 1935లో సుప్రీంకోర్టు సుమారు 38 శాతాన్నీ ఒప్పుకుంది గానీ, ఆ గీత మీద నడిచే ధైర్యం ఎవరికీ ఉండదు. మన ఉదాహరణలో 40లో 30, అంటే 75 శాతం షేర్లే, గొడవ లేదు.

కానీ సంతకాలయ్యాక, విలీనం పూర్తయ్యేలోపు పెద్ద కంపెనీ షేరు 60 నుంచి 12కి కూలిపోతే? సగం షేరు విలువ 6, నగదు 10, మొత్తం 16లో షేర్ల వాటా 37.5 శాతం. ఇక్కడే అందరికీ టెన్షన్. దీనికో విరుగుడుంది: ఎన్ని షేర్లు, ఎంత నగదు అన్నది ఒప్పందంలో ముందే ఖాయం చేసుంటే, ఒప్పందం కట్టుబడే రోజుకి ముందురోజు మార్కెట్ ధరతోనే కొలుస్తారు, కాబట్టి 75 శాతమే లెక్క. అలా ఖాయం చేయకుండా వదిలేసిన ఒప్పందాల్లో మాత్రం ముగింపు రోజు ధరే చూస్తారు, ఈ పరీక్ష తప్పితే నష్టం మామూలుగా ఉండదు. చిన్న కంపెనీ తన ఆస్తులన్నీ అమ్మేసి మూతపడినట్టు చూస్తారు, కంపెనీ లాభం మీద 21 శాతం, ఆ పైన వాటాదారుల లాభం మీద విడిగా పన్ను. దీన్ని తప్పించడానికి మధ్యలో ఓ అనుబంధ కంపెనీని పెట్టి తిరగేసి కలిపే పద్ధతి ఉంది, దానికి 80 శాతం నియమం. అది నాలుగో పాఠం.

ఈలోపు మీరే ఒకటి చేసి చూడండి. అదే విలీనం, అవే 1,000 షేర్లు, అన్నీ ఒకే రోజు 35 డాలర్లకి కొన్నవి. ఎంత మీద పన్ను, కొత్త బేసిస్ ఎంత? కొత్త షేరు బేసిస్ సరిగ్గా దాని మార్కెట్ ధర 60కి సమానంగా రావాలి. 70 వచ్చిందంటే, ‘ఏది తక్కువైతే అది’ అన్న మాట వదిలేసి బూట్ మొత్తం మీదా పన్ను వేసేశారన్నమాట.