అరవైలో సరిపోయిన నిధి డెబ్బై నాలుగుకే ఎందుకు అయిపోతుంది? (సమస్య - పరిష్కారం)

మా అక్కా బావగారూ అనంతపురం నుంచి వచ్చి బెంగళూరు మారతహళ్లిలో స్థిరపడ్డారు. బావగారికి 45 ఏళ్లు, ప్రైవేటు ఉద్యోగం, 60కి విరమణ. మొన్న ఒక ఆదివారం ఆయన తన లెక్క కాగితం నా ముందు పెట్టి, "రెండు కోట్ల పదహారు లక్షలు కూడబెడితే మాకు ఇక దిగులు లేనట్టే కదా, ఒకసారి చూడవోయ్" అన్నారు. ఆ కాగితంలో కూడికలు, హెచ్చవేతలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి గాని, ఆ డబ్బు ఆయన 74వ ఏట అయిపోతుంది. ఇదే తప్పు చాలామంది కాగితాల్లో ఉంటుంది కాబట్టి, దాన్ని ఎలా గుర్తుపట్టాలో, ఎలా దిద్దుకోవాలో ఆయన అంకెలతోనే వివరిస్తాను.

మొదటి సమస్య: నిధి మొదటి ఏడాదే తగ్గడం మొదలవుతుంది

అక్క ఇంటి ఖర్చుల పుస్తకం ప్రకారం పాలు, బియ్యం, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్, కరెంటు, మందులు, ఊరి ప్రయాణాలు అన్నీ కలిపి ఇప్పుడు నెలకు 60,000 రూపాయలు అవుతోంది. పిల్లల ఫీజులు, ఇంటి లోన్ కంతు 60 ఏళ్ల నాటికి ఉండవు కాబట్టి వాటిని ఇందులో కలపలేదు. అంటే ఏడాదికి 7.2 లక్షలు. ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయనుకుంటే, 15 ఏళ్ల తరువాత ఇదే ఖర్చు ఏడాదికి 17.26 లక్షలు అవుతుంది. బావగారు ఇక్కడిదాకా సరిగ్గా వచ్చారు. ఆ తరువాత, "8 శాతం వడ్డీ వస్తే ఏడాదికి 17.26 లక్షలు రావడానికి 2.16 కోట్లు చాలు, అసలు కదలదు" అని రాసుకున్నారు.

తప్పు ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. ఆయన లెక్కలో ద్రవ్యోల్బణం 60 ఏళ్ల వరకు నడిచి, పదవీ విరమణ రోజున ఆగిపోయింది. నిజానికి 61వ ఏట అదే సంసారానికి 18.29 లక్షలు కావాలి, 70వ ఏట 30.9 లక్షలు, 74వ ఏట 39 లక్షలు కావాలి. వడ్డీ మాత్రం ఖర్చు పెరిగిందని తనంతట తాను పెరగదు. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో మూడు నెలలకోసారి వచ్చే వడ్డీనే చూడండి: పథకం గడువు 5 ఏళ్లూ అది ఒకే మొత్తం. బెంగళూరులో నందిని పాల ధర మాత్రం ఒక్క 2025 ఏప్రిల్‌లోనే లీటరుకు 4 రూపాయలు పెరిగింది.

ఈ తప్పు మీ లెక్కలో ఉందో లేదో తెలుసుకోవడానికి నేను వాడే పరీక్ష ఒకటుంది. మొదటి ఏడాది ఖర్చును ఏడాది మొదట్లోనే నిధిలోంచి తీసి, మిగిలినదానికి 8 శాతం కలపండి. బావగారి లెక్కలో 215.7 లక్షల్లోంచి 17.26 తీస్తే 198.4 మిగులుతుంది, ఏడాది చివరికి అది 214.3 అవుతుంది. అంటే మొదలుపెట్టిన దానికంటే తక్కువ. రెండో ఏడాది 18.29 తీస్తే చివరికి 211.7కు దిగుతుంది. మొదట్లో ఈ తగ్గుదల కంటికి ఆనదు, అందుకే ఇది మరీ ప్రమాదకరం. 70వ ఏట నిధిలో ఇంకా 1.23 కోట్లు కనిపిస్తాయి. కాని అప్పటి ఏడాది ఖర్చు 30.9 లక్షలు కాబట్టి అవి మరో నాలుగేళ్లకే సరిపోతాయి. 14 ఏళ్ల ఖర్చు పోను 74వ ఏట మొదట్లో చేతిలో మిగిలేది ఒక నెల ఖర్చు మాత్రమే. ముందున్న జీవితం 25 ఏళ్లో 30 ఏళ్లో అయినప్పుడు, నిధి మొదటి ఏడాదే తగ్గితే విరమణ తరువాతి ద్రవ్యోల్బణాన్ని లెక్కలో వదిలేశారని అనుమానించాలి.

పరిష్కారం ఏమిటంటే, రాబడిని విడిగా, ద్రవ్యోల్బణాన్ని విడిగా చూడకుండా, ధరల పెరుగుదల పోగా మిగిలే నిజ రాబడిని పట్టుకోవాలి. 8లోంచి 6 తీసి 2 శాతం అనడం దగ్గరి దారే గాని, దానివల్ల నిధి కొంచెం తక్కువ వస్తుంది. 1.08ని 1.06తో భాగించి, అందులోంచి 1 తీసేస్తే వచ్చే 1.887 శాతమే సరైనది. 85 ఏళ్ల వరకు, అంటే 25 ఏళ్లకు, ఎక్సెల్‌లో ఇలా రాసుకోవచ్చు.

```
B1  720000
B2  6%
B3  15
B4  8%
B5  25
B6  =B1*(1+B2)^B3
B7  =(1+B4)/(1+B2)-1
B8  =PV(B7,B5,-B6,0,1)
```

B6లో 60వ ఏటి ఖర్చు, B8లో కావలసిన నిధి వస్తాయి. చివర ఉన్న 1 అంకెను మరచిపోవద్దు. ఖర్చును ఏడాది మొదట్లో తీస్తామని చెప్పేది అదే. దాన్ని వదిలేస్తే ఈ ఉదాహరణలో నిధి ఆరు లక్షలకు పైగా తక్కువ చూపుతుంది. బావగారికి వచ్చిన జవాబు 3.48 కోట్లు. ఆయన కాగితంలో ఉన్నది 2.16 కోట్లు.

ఇదే పరీక్షను ఈ అంకెతో చేస్తే పరిస్థితి తలకిందులుగా ఉంటుంది. నిధి మొదటి ఏడాది 3.57 కోట్లకు, రెండో ఏడాది 3.66 కోట్లకు పెరిగి, 70వ ఏట 4.08 కోట్లను తాకి, ఆ తరువాత దిగుతూ 85 నాటికి సున్నా అవుతుంది. ఈ మధ్యలోని పెరుగుదల చూసి చాలామంది "ఇంత మిగులుతోందే" అనుకుని పిల్లలకు సర్దడమో, స్థలం కొనడమో చేస్తారు. అది మిగులు కాదు. 75, 80 ఏళ్లప్పటి పెద్ద ఖర్చుల కోసం ఇప్పుడు పోగవుతున్న భాగం. బావగారికి ఈ మాట రెండుసార్లు చెప్పాను, ఎందుకంటే లెక్క సరిగ్గా వేసుకున్నవాళ్లు కూడా ఇక్కడ జారుతారు.

ఇందులో మన ఊహలు ఎంత బరువైనవో కూడా చూడాలి. వడ్డీ మీద పన్ను పోగా చేతికి 8 బదులు 7 శాతమే వస్తే కావలసింది 3.86 కోట్లు, 6 శాతమే వస్తే 4.31 కోట్లు. అందుకే B4లో ఎప్పుడూ పన్ను పోయాక మిగిలే రాబడినే వేయాలి. ద్రవ్యోల్బణానికి 6 శాతం నేను ఎంచుకున్న అంకె. రిజర్వ్ బ్యాంకు లక్ష్యం 4 శాతం, అటూ ఇటూ 2 శాతం వెసులుబాటు; దాని పై అంచునే తీసుకున్నాను. బతుకు 85 దగ్గరే ఆగుతుందన్న భరోసా ఎవరికీ లేదు కాబట్టి 90 వరకు కూడా వేసి చూడండి. 8 శాతం రాబడి దగ్గర అది సరిగ్గా 4 కోట్లు అవుతుంది.

రెండో సమస్య: మొత్తం సరిపోయినట్టు ఉన్నా, 70 దాటాక మందులకు చాలదు

అక్క పుస్తకంలో ఆరోగ్య బీమా ప్రీమియం, మందులు, పరీక్షలు కలిపి నెలకు 8,000 రూపాయలు ఉంది. ఆ 8,000నూ బియ్యం, కరెంటుతోపాటు 6 శాతం దగ్గరే కట్టేయడం ఇక్కడి కారణం. ఆరోగ్య బీమా ప్రీమియం ఏటేటా పెరగడంతో ఆగదు, మనం పై వయసు శ్లాబులోకి వెళ్లినప్పుడల్లా మరో మెట్టు ఎక్కుతుంది. వయసుతోపాటు వాడకమూ పెరుగుతుంది.

దీనికి మందు, ఖర్చును రెండు కట్టలుగా విడదీసి రెండు షీట్లు వేయడం. 52,000 రూపాయలకు 6 శాతం, 8,000కు 10 శాతం అనుకుందాం. మొదటి కట్టకు 3.01 కోట్లు, రెండో కట్టకు 1.26 కోట్లు, మొత్తం దాదాపు 4.28 కోట్లు కావాలి. అంటే ఖర్చులో ఏడో వంతు కూడా లేని వైద్యం ఒక్కటే నిధికి దాదాపు 80 లక్షలు అదనంగా కలిపింది. రెండో షీట్‌లో నిజ రాబడి సున్నాకు దిగువన, -1.8 శాతంగా కనబడితే కంగారు పడవద్దు. ఖర్చు రాబడి కంటే వేగంగా పెరుగుతోందని దాని అర్థం, `PV` దాన్ని సరిగ్గానే లెక్కిస్తుంది. అయితే రాబడినీ ద్రవ్యోల్బణాన్నీ ఒకే అంకెగా వేస్తే మాత్రం నిజ రాబడి సున్నా అవుతుంది, అప్పుడు కావలసింది 60వ ఏటి ఖర్చుకు సరిగ్గా 25 రెట్లు.

ఈ 10 శాతం నిజమవుతుందని నేను చెప్పలేను. కాని మీ పాలసీ ప్రీమియం రశీదులు గత ఐదేళ్లవి ఒకచోట పెట్టి చూస్తే, ఏ అంకె వేయాలో మీ ఇంటికి తగినట్టు తేలుతుంది.

మూడో సమస్య: పెన్షన్ తీసేశాక నిధి తక్కువ చూపుతుంది

చాలామంది ప్రైవేటు ఉద్యోగులకు ఉద్యోగుల పెన్షన్ పథకం, అంటే ఈపీఎస్, కింద పెన్షన్ వస్తుంది. బావగారు నెలకు 5,000 వస్తుందనుకుని, దాన్ని 60వ ఏటి ఖర్చులోంచి తీసేసి మిగిలిన ఖర్చుకే నిధి లెక్క వేశారు. అలా చేస్తే ఆ పెన్షన్ కూడా ఏటా 6 శాతం పెరుగుతుందని ఒప్పుకున్నట్టే. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు ధరలను బట్టి కరువు ఉపశమనం ఉంటుంది, ఈపీఎస్‌కు అలాంటిదేమీ లేదు. కాబట్టి పెన్షన్‌ను ఖర్చులోంచి తీయకూడదు. పూర్తి ఖర్చుకు నిధి లెక్క వేసి, పెరగని పెన్షన్ విలువను 8 శాతం దగ్గర విడిగా లెక్కకట్టి ఆ నిధిలోంచి తీయాలి. 5,000 పెన్షన్‌కు ఆ విలువ 6.9 లక్షలు. ఖర్చులోంచి తీసినప్పుడు అదే పెన్షన్ 12.1 లక్షల బరువు మోస్తున్నట్టు కనబడింది. బీమా సంస్థల నుంచి కొనే, ఏటా ఒకే మొత్తం ఇచ్చే యాన్యుటీలకూ ఇదే పద్ధతి.

నాలుగో సమస్య: ఒక కాలిక్యులేటర్ 1.45 కోట్లు, మరొకటి 3.48 కోట్లు అంటుంది

రెండూ సరైనవే కావచ్చు. మొదటిది ఈనాటి రూపాయల్లో, రెండోది 15 ఏళ్ల తరువాతి రూపాయల్లో చెబుతోంది. 3.48 కోట్లను 2.3966తో, అంటే 15 ఏళ్ల 6 శాతం పెరుగుదలతో, భాగిస్తే 1.45 కోట్లే వస్తుంది. ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, 1.45 కోట్లను లక్ష్యంగా పెట్టుకుని, నెలనెలా ఎంత దాచాలో లెక్కించేటప్పుడు మాత్రం 12 శాతం వంటి మామూలు రాబడి వేసుకోవడంలో. ఈనాటి రూపాయల లక్ష్యానికి ద్రవ్యోల్బణం పోయిన రాబడినే వాడాలి, అప్పటి రూపాయల లక్ష్యానికి మామూలు రాబడిని వాడాలి. మా బావగారు తన షీట్‌లో ప్రతి మొత్తం పక్కనా "ఇప్పటి రూ." లేదా "60వ ఏటి రూ." అని రాసుకున్నాక ఈ తికమక పోయింది. ఇప్పుడు ఏటా ఏప్రిల్‌లో అక్క పుస్తకంలోని కొత్త మొత్తాన్ని B1లో వేసి, B3లో ఒక ఏడాది తగ్గించి, మళ్లీ లెక్క చూడాలని నిర్ణయించుకున్నారు.