సగంలో ఉన్న యాప్ గురించి టెక్నికల్ కాని మేనేజర్‌కి వారం రిపోర్ట్ ఎలా రాయాలి?

"70 శాతం పూర్తయింది" అని మేనేజర్‌కి రాస్తే, మిగిలిన 30 శాతం కూడా అదే వేగంతో అయిపోతుందని ఆవిడ అనుకుంటారు. యాప్ పని అలా నడవదు. స్క్రీన్లు ముందు తయారవుతాయి, అవి కంటికి కనిపిస్తాయి. పేమెంట్, ఎస్సెమ్మెస్, ప్లే స్టోర్ అనుమతి లాంటివి చివర్లో వస్తాయి, పైగా వాటిలో చాలా వరకు మన చేతిలో ఉండవు. అందుకే రిపోర్ట్‌లో శాతాలు వద్దు. ఈ రోజు కస్టమర్ ఈ యాప్‌తో ఏం చేయగలరు, ఏం చేయలేరు అన్నదే రాయండి.

ఉదాహరణకి ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్ యాప్ తీసుకుందాం. కస్టమర్ ఇంటి నుంచే రక్తపరీక్ష బుక్ చేసుకుంటారు. ల్యాబ్ మనిషి వచ్చి శాంపిల్ తీసుకెళ్తారు. రిపోర్ట్ యాప్‌లోనే వస్తుంది. జూలై 6న విడుదల చేయాలి. ఇవాళ జూన్ 5, శుక్రవారం.

1. రాసే ముందు యాప్‌ని కస్టమర్‌లా వాడండి

గురువారం సాయంత్రమే తాజా వెర్షన్‌ని ఒక మామూలు ఫోన్లో వేయండి. ఆఫీస్ వైఫై ఆపి మొబైల్ డేటా మీద మొదటి నుంచి చివరి వరకు ఒక బుకింగ్ చేయండి. టాస్క్ బోర్డులో "డన్" అని ఉన్నదాన్ని చూసి రాయకండి. అక్కడ డెవలపర్ పని అయిపోయిందని మాత్రమే తెలుస్తుంది.

కనిపించినదాన్ని మూడు రకాలుగా విడదీయండి: కస్టమర్‌కి పనిచేసేవి, మన దగ్గర మాత్రమే పనిచేసేవి, ఇంకా లేనివి. ఈ మధ్య రకం దగ్గరే ఎక్కువ అపార్థాలు వస్తాయి. మన ల్యాబ్ యాప్‌లో లాగిన్ పనిచేస్తోంది, కానీ టెస్టింగ్ కోసం పెట్టుకున్న నంబర్లతోనే. పేమెంట్ కూడా "సక్సెస్" అని చూపిస్తోంది, అయితే అది గేట్‌వే టెస్ట్ మోడ్, రూపాయి కూడా కదలదు. రిపోర్ట్ స్క్రీన్ చక్కగా ఉంది కానీ అందులోవి మనం చేత్తో పెట్టిన నకిలీ అంకెలు. ఆ స్క్రీన్‌షాట్‌ని అలాగే పంపితే రిపోర్టుల పని అయిపోయిందని మేనేజర్ తన పైవాళ్లకి చెప్పేస్తారు. కాబట్టి స్క్రీన్‌షాట్ మీదే "నమూనా డేటా" అని పెద్దగా రాసి పంపండి.

2. మొదటి వాక్యంలో తేదీ సంగతి చెప్పండి

ఆవిడ మొదట వెతికేది అదే. తేదీ నిలబడుతుందా, నిలబడాలంటే ఏం జరగాలి అన్నది రెండు వాక్యాల్లో చెప్పేయండి. మీటింగ్‌కి వెళ్తూ ఫోన్లో చూసినా అర్థం కావాలి.

3. రిస్క్‌ని తేదీ, మనిషి, పర్యవసానంతో రాయండి

"ఎస్సెమ్మెస్ ఇంటిగ్రేషన్‌లో డిపెండెన్సీ ఉంది" అని రాస్తే ఆవిడ చేయగలిగింది ఏమీ లేదు. అసలు విషయం ఇదీ. మన దేశంలో వ్యాపార సంస్థ ఓటీపీ పంపాలంటే ముందు టెలికాం కంపెనీ డీఎల్‌టీ పోర్టల్‌లో సంస్థని నమోదు చేయాలి. ఎస్సెమ్మెస్ ఎవరి పేరుతో వెళ్తుందో ఆ హెడర్‌నీ, అందులో ఉండే వాక్యాన్నీ ఆమోదింపజేసుకోవాలి. ఆమోదించిన వాక్యానికీ, పంపేదానికీ ఒక్క మాట తేడా వచ్చినా ఎస్సెమ్మెస్ ఆగిపోతుంది. నమోదుకి కంపెనీ పాన్, సంతకం చేసిన అధికార పత్రం లాంటివి కావాలి. డెవలపర్ ఎంత కష్టపడినా ఆ సంతకం తేలేడు, మేనేజర్ ఒక్క ఫోన్ కాల్‌తో తెప్పించగలరు. ఆవిడకి చెప్పాల్సిన రిస్క్ ఇలాంటిదే.

ఇక విడుదల తేదీ నుంచి వెనక్కి లెక్క కట్టండి. ప్లే స్టోర్ సమీక్షకి వారం పట్టొచ్చు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. దానికి ముందు నిజమైన నంబర్లతో పరీక్షించడానికి ఒక వారం, డీఎల్‌టీ ఆమోదానికి ఒక వారం వేసుకుందాం. జూలై 6 నుంచి మూడు వారాలు వెనక్కి వెళ్తే జూన్ 15. అంటే కాగితాలు 15 దాటితే విడుదల తేదీ వాయిదా పడుతుంది. అందుకే మనం 10కే అడుగుతాం.

ప్లే స్టోర్ ఖాతా ఎవరి పేరు మీద ఉందో కూడా ఇప్పుడే చూడండి. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతా అయితే, కనీసం 12 మంది వరుసగా 14 రోజులు యాప్‌ని పరీక్షించాకే విడుదలకి దరఖాస్తు చేయనిస్తారు. సంస్థ ఖాతాకి ఈ నిబంధన లేదు. చివరి వారంలో తెలిస్తే రెండు వారాలు పోయినట్టే.

కోడ్‌లో వచ్చే చిన్నాచితకా బగ్‌లు ఇక్కడ వద్దు. తేదీనో, డబ్బునో, కస్టమర్ ఆరోగ్య వివరాల భద్రతనో తాకేవి మాత్రమే, అవి కూడా రెండుకి మించకుండా రాయండి. పది రిస్కులు రాస్తే ముఖ్యమైనది అందులో మునిగిపోతుంది.

4. వచ్చే వారం పనిని కళ్లతో చూడగలిగేలా రాయండి

"రిపోర్ట్స్ మాడ్యూల్ మీద పని కొనసాగుతుంది" అంటే అది అయిందో కాదో వచ్చే శుక్రవారం ఎవరూ తేల్చలేరు. "ల్యాబ్ సిస్టమ్ నుంచి వచ్చిన ఒక అసలు రిపోర్ట్‌ని యాప్‌లో తెరిచి చూపిస్తాం" అని రాయండి. ఆ డెమోకి కస్టమర్‌ది కాకుండా, ఒప్పుకున్న సిబ్బందిలో ఒకరి రిపోర్టే వాడండి. వచ్చే వారం మెయిల్‌లో ఈ వాక్యాన్నే మళ్లీ పెట్టి, అయిందో లేదో పక్కన రాయండి.

మొత్తం కలిపితే ఇలా ఉంటుంది

> మేడమ్, నమస్తే.
>
> జూలై 6 తేదీ ప్రస్తుతానికి నిలబడుతుంది. కానీ ఓటీపీ నమోదు కాగితాలు జూన్ 10కల్లా అందాలి.
>
> కస్టమర్ చేయగలిగేవి: పరీక్షల జాబితా చూడటం, ధర తెలుసుకోవడం, శాంపిల్ తీసుకునే సమయం ఎంచుకోవడం.
>
> మా దగ్గర మాత్రమే పనిచేసేవి: లాగిన్ (టెస్ట్ నంబర్లతో), పేమెంట్ (నిజమైన డబ్బు లేకుండా).
>
> ఇంకా లేనివి: అసలు రిపోర్టులు చూడటం, శాంపిల్ తీసుకునే సిబ్బందికి రూట్ చూపించడం.
>
> రిస్క్: డీఎల్‌టీ నమోదు కాలేదు. అది లేకుండా కస్టమర్‌కి ఓటీపీ వెళ్లదు, లాగిన్ అవ్వలేరు. కాగితాలు జూన్ 15 తర్వాత ఎన్ని రోజులు ఆలస్యమైతే విడుదల కూడా అన్ని రోజులు ఆలస్యమవుతుంది. ఈమెయిల్ ఓటీపీతో మొదలుపెట్టొచ్చు కానీ, మన కస్టమర్లలో చాలామంది పెద్దవాళ్లు, వాళ్లకి అది ఇబ్బంది. నేను దాన్ని సిఫార్సు చేయను.
>
> మీ నుంచి కావాల్సింది: అధికార పత్రం మీద డైరెక్టర్ గారి సంతకం, కంపెనీ పాన్ కాపీ, బుధవారం (10) లోపు.
>
> జూన్ 12కల్లా: ఒక అసలు రిపోర్ట్‌ని యాప్‌లో తెరిచి మీకు చూపిస్తాం.

"ఏపీఐ", "బ్యాకెండ్" లాంటి మాటలు ఇందులో ఎక్కడా అవసరం పడలేదు. ఆవిడ వివరం అడిగితే ఫోన్లో చెప్పండి. ప్రతి వారం ఇదే వరుస ఉంచండి. ఒక అంశం "మా దగ్గర మాత్రమే" నుంచి "కస్టమర్ చేయగలిగేవి"లోకి మారితే ఆవిడకి వెంటనే కనిపిస్తుంది. మూడు వారాలుగా ఒకే చోట ఉండిపోయినది కూడా అలాగే కనిపిస్తుంది, దాని కారణం ఆవిడ అడగకముందే మీరు రాయండి.

మంగళవారమే తేదీ తప్పేలా ఉందని తెలిస్తే శుక్రవారం దాకా ఆగకండి. ఆ రోజే ఫోన్ చేసి, కొత్త తేదీ ఎప్పుడు చెప్పగలరో చెప్పండి. మాట్లాడింది మెయిల్‌లో రెండు వాక్యాలు రాసి పంపండి, ఆవిడ తన పైవాళ్లకి దాన్నే ఫార్వర్డ్ చేసుకోగలుగుతారు.