కాంక్రీట్ ఇంట్లో రూటర్ ఎక్కడ పెట్టాలి? గోడల కన్నా ముందు పిల్లర్లు చూడండి

వైజాగ్‌లో ఏ ఫ్లాట్‌కి వెళ్ళినా రూటర్ దాదాపు ఒకే చోట కనిపిస్తుంది. ఫైబర్ వైరు బాల్కనీలోంచో కిటికీ చువ్వల మధ్యనుంచో లోపలికి వచ్చిన మూలలో, టీవీ వెనక. కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడికి ఆ రోజు ఇంకా చాలా ఇళ్ళు ఉంటాయి. దగ్గర్లో ప్లగ్ పాయింట్ ఎక్కడుంటే అక్కడ తగిలించి వెళ్ళిపోతాడు. ఆ తర్వాత వెనక బెడ్‌రూమ్‌లో వీడియో కాల్ ఆగిపోతుంటే ఇంట్లోవాళ్ళు పెద్ద ప్లాన్‌కి మారతారు. ప్లాన్ పెంచినంత మాత్రాన సిగ్నల్ గోడ దాటదు. మార్చాల్సింది రూటర్ ఉన్న చోటు.

కావలసినవి

ఒక ఫోను, ఒక కాగితం, పెన్సిల్, ఒక ఎక్స్‌టెన్షన్ బాక్స్. ఆండ్రాయిడ్ ఫోనైతే ప్లే స్టోర్‌లో "WiFi Analyzer" అని వెతికి, సిగ్నల్‌ని అంకెల్లో చూపించే యాప్ ఏదైనా వేసుకోండి. ఐఫోన్‌లో ఆపిల్ వాళ్ళ AirPort Utility వేసుకుని, సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేరు కింద Wi-Fi Scanner ఆన్ చేస్తే చాలు. రూటర్ రెండు రకాల సిగ్నళ్ళు పంపుతుంది, 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. రూటర్ సెట్టింగ్స్‌లో వాటికి వేర్వేరు పేర్లు పెట్టండి. పేరు ఒకటే అయితే ఫోను దేనికి అతుక్కుందో తెలియక కొలతంతా గందరగోళం అవుతుంది.

యాప్‌లో సిగ్నల్ బలం డీబీల లెక్కలో, మైనస్ అంకెగా కనిపిస్తుంది. సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది. -50 చాలా బాగున్నట్టు. -67 వరకు వీడియో కాల్ ఇబ్బంది లేకుండా నడుస్తుంది. -75 దాటితే నత్తనడక, -80 దాటితే మాటిమాటికీ తెగిపోతుంది. 3 డీబీ తగ్గిందంటే బలం సగమైందని, 10 తగ్గితే పదో వంతే మిగిలిందని అర్థం.

మీ ఇంట్లో ఏది కాంక్రీటు, ఏది ఇటుక?

"మాది కాంక్రీట్ ఇల్లండీ, అందుకే వైఫై రాదు" అంటారు. మామూలు అపార్ట్‌మెంట్లలో కాంక్రీటు ఉండేది పిల్లర్లలో, బీముల్లో, శ్లాబులో. వాటి మధ్య గోడలు ఇటుకవే. ఎర్ర ఇటుకో, ఫ్లై యాష్ ఇటుకో కావచ్చు. లోపలి గోడలు ఎక్కువగా నాలుగున్నర అంగుళాలవి, బయటివి 9 అంగుళాలవి.

నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ ఉజ్జాయింపుగా 2.4 గిగాహెర్ట్జ్‌లో 5 డీబీ, 5 గిగాహెర్ట్జ్‌లో అంతకన్నా ఎక్కువ తినేస్తుంది. అలాంటి గోడ ఒకటి అడ్డున్నా పెద్ద సమస్య కాదు. 6 నుంచి 9 అంగుళాల కాంక్రీటు అలా కాదు. 5 గిగాహెర్ట్జ్‌ని 20 డీబీ పైనే దించేస్తుంది, అంటే నూరో వంతు కూడా అవతలికి వెళ్ళదు. లోపలున్న ఇనుప చువ్వలు కొంత సిగ్నల్‌ని వెనక్కి తిప్పికొడతాయి. ముతక కాంక్రీటు మిగతాది పీల్చేస్తుంది.

పిల్లర్లు సాధారణంగా గదుల మూలల్లో వస్తాయి. రూటర్లు పెట్టేదీ మూలల్లోనే. సగం ఇళ్ళలో గొడవ ఇక్కడే మొదలవుతుంది.

అసలు పని: గీత గీయడం

దీన్ని మాత్రం తొందరగా ముగించకండి.

కాగితం మీద ఇంటి ప్లాన్ గీయండి. కొలతలు కచ్చితంగా ఉండక్కర్లేదు గానీ తలుపులు, పిల్లర్లు, బాత్‌రూమ్‌లు, బీరువాలు, ఫ్రిజ్ ఎక్కడున్నాయో సరిగ్గా ఉండాలి. పిల్లర్ గోడలో కలిసిపోయి కనిపించకపోతే పైకి చూడండి. రెండు బీములు కలిసే చోట కింద సాధారణంగా పిల్లర్ ఉంటుంది. ఇప్పుడు ఇంటర్నెట్ నిజంగా వాడే చోట్లకి చుక్కలు పెట్టండి. గది మధ్యలో కాదు, మంచం మీద తల ఉండే వైపు, ల్యాప్‌టాప్ పెట్టే టేబుల్ దగ్గర. రూటర్ నుంచి ఒక్కో చుక్కకీ స్కేలుతో గీత గీసి, అది దేన్ని దాటుతోందో రాసుకోండి.

గీత గోడని ఎంత ఏటవాలుగా దాటుతోందో కూడా చూడాలి. దీన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు. గోడకి ఎదురుగా సూటిగా వెళ్ళిన సిగ్నల్‌కి 9 అంగుళాల గోడ 9 అంగుళాలే. 45 డిగ్రీల వాలుతో వెళితే అదే గోడ సుమారు 13 అంగుళాలు. 60 డిగ్రీలు పక్కకి వాలితే 18 అంగుళాలు. గోడకి ఆనించిన రూటర్, అదే గోడ అవతల దూరంగా ఉన్న మంచానికి సిగ్నల్ పంపాలంటే గోడ పొడవునా లోపలినుంచి పాకినట్టే. రూటర్‌ని రెండు మూడడుగులు జరిపితే గీత పిల్లర్‌ని తప్పించుకోవచ్చు, వాలు కూడా తగ్గొచ్చు. మీరు వెతకాల్సింది అలాంటి చోటే.

తలుపు ఉన్న చోట గోడ లేదు. చెక్క తలుపు వేసి ఉన్నా పోయేది మూడు నాలుగు డీబీలే. అందుకే రూటర్‌ని ఇంటి మధ్యలో పెట్టమనే సలహా నాకు నచ్చదు. మన 2 బీహెచ్‌కే ఫ్లాట్లలో సరిగ్గా మధ్యలో ఉండేది బాత్‌రూమో, పూజ గదో. ఎక్కువ తలుపులు కనిపించే చోటే సరైన చోటు. ఎక్కువ ఇళ్ళలో అది హాల్లోంచి బెడ్‌రూమ్‌ల వైపు వెళ్ళే సందుకి ఎదురుగా ఉన్న గోడ.

చోటు తేలాక వెంటనే మేకు కొట్టకండి. ఎక్స్‌టెన్షన్ బాక్స్‌తో రూటర్‌ని ఆ చోట ఒక కుర్చీ మీద పెట్టి ఆన్ చేయండి. ఫైబర్ అక్కడిదాకా రాకపోయినా ఫర్వాలేదు. ఇంటర్నెట్ లేకపోయినా సిగ్నల్ వస్తుంది, మనం కొలిచేది దాన్నే. ప్రతి చుక్క దగ్గర ఫోను పట్టుకుని ఒక నిమిషం ఆగండి. అంకె పైకీ కిందికీ ఊగుతుంది, మధ్య అంకె రాసుకోండి. రూటర్‌కి వీపు పెట్టి నిలబడితే మీ ఒళ్ళే కొన్ని డీబీలు తినేస్తుంది, కాబట్టి ఫోనుకీ రూటర్‌కీ మధ్య మీరు రావద్దు. తలుపులు తీసి ఒకసారి, వేసి ఒకసారి కొలవండి. రాత్రి ఏసీ వేసుకుని తలుపులు మూసి వాడే ఇల్లయితే మీకు లెక్క మూసినప్పటి అంకే.

ఒక ఫ్లాట్ లెక్క

ఎంవీపీ కాలనీలో మా పిన్నివాళ్ళది పాత అపార్ట్‌మెంట్, రెండు బెడ్‌రూమ్‌లు. రూటర్ హాల్లో టీవీ పక్క మూలలో ఉండేది. వెనక బెడ్‌రూమ్‌లో తమ్ముడి టేబుల్ దగ్గర 5 గిగాహెర్ట్జ్ -83. గీత గీస్తే మొదట హాలు మూలనున్న పిల్లర్, తర్వాత బాత్‌రూమ్ గోడ ఏటవాలుగా, ఆ పైన గదిలో స్టీలు బీరువా వచ్చాయి. మూడూ ఒకే గీత మీద ఉన్నాయి.

రూటర్‌ని డైనింగ్ వైపు గోడకి, సందు నోటికి ఎదురుగా మార్చాం. అక్కణ్ణుంచి వెనక బెడ్‌రూమ్ తలుపు సూటిగా కనిపిస్తుంది. తలుపు తీస్తే -62, వేస్తే -66. ముందు బెడ్‌రూమ్‌లో అంతకుముందు -50 ఉండేది, అది -57కి దిగింది. పిన్ని "ఈ గదిలో తగ్గిపోయిందేంట్రా" అంది. -57లో ఏ పనీ ఆగదు. ఒక గదిలో మిగులుగా ఉన్నదాన్ని కొంత వదులుకుని చచ్చిపోయిన గదిని లేపడమే ఇక్కడ జరిగింది. బీరువాని కదపాల్సిన అవసరం కూడా రాలేదు.

గోడలతో పాటు అడ్డుపడేవి

ఇనుము, నీళ్ళు. ఈ రెండూ గుర్తుంటే చాలు. స్టీలు బీరువా, ఫ్రిజ్, వంటింట్లో గిన్నెల స్టాండ్, టీవీ వెనక రేకు, నిలువుటద్దం వెనక లోహపు పూత సిగ్నల్‌ని తిప్పికొడతాయి. నీళ్ళ డ్రమ్ము, అక్వేరియం, గోడ మీది గీజర్ కూడా గట్టి అడ్డాలే. వానాకాలంలో చెమ్మెక్కిన గోడ ఎండిన గోడ కన్నా ఎక్కువ పీల్చుకుంటుంది. బాల్కనీ తలుపుకి స్టీలు దోమతెర ఉంటే అవతల కూర్చున్నప్పుడు సిగ్నల్ బాగా పడిపోతుంది. 2.4 గిగాహెర్ట్జ్ అల పొడవు 12 సెంటీమీటర్లు, తెర కన్నాలు ఒకటి రెండు మిల్లీమీటర్లు. అంత చిన్న కన్నాల్లోంచి ఆ అల దాటదు. నైలాన్ తెరతో ఈ ఇబ్బంది లేదు. మైక్రోవేవ్ ఆన్‌లో ఉన్నంతసేపే 2.4ని చెడగొడుతుంది, దాని కోసం రూటర్ మార్చక్కర్లేదు.

సముద్రం వైపు బాల్కనీలోగాని, ఆ వైపు కిటికీ గట్టు మీదగాని రూటర్ పెట్టకండి. ఉప్పుగాలికి పోర్టుల్లో పిన్నులు పచ్చబడి, కేబుల్ పెట్టినా పట్టకుండా పోతాయి.

ఎంత ఎత్తులో

నేల నుంచి ఐదడుగులు. సజ్జ మీద పెడితే సిగ్నల్ బాగా పరుచుకుంటుందని చాలామంది నమ్మకం. గోడల పైన ఒక అడుగో అడుగున్నరో కాంక్రీటు బీము ఉంటుంది. సజ్జ మీది రూటర్ దాని వెనక ఇరుక్కుంటుంది. బీము కింద, మంచాలూ కుర్చీలకి పైన ఉండాలి. యాంటెన్నాలు నిలువుగా ఉంచండి, సిగ్నల్ వాటికి పక్కలకే ఎక్కువ వెళుతుంది.

వైరు మార్చడం

ఫైబర్‌ని మీరే లాగకండి. కొత్త పొడవు కావాలంటే దాన్ని జాయింట్ చేసే మిషన్ ఉన్నవాళ్ళే రావాలి. గట్టిగా మడిస్తే లోపలి గాజు పగిలి, ఫైబర్ తగిలించిన పెట్టె మీద సిగ్నల్ రావట్లేదని చెప్పే LOS దగ్గర ఎర్ర లైటు వెలుగుతుంది. నేను మాత్రం ఫైబర్ పెట్టెని ఉన్నచోటే వదిలేసి, దాని లాన్ పోర్ట్ నుంచి క్యాట్ 6 కేబుల్‌ని గోడ అంచున కొత్త చోటికి లాగి, అక్కడ రెండో రూటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే కేబుల్‌లో వచ్చిన ఇంటర్నెట్‌ని వైఫైగా పంపేలా పెడతాను. పాత పెట్టె వైఫై ఆపేస్తాను. పిన్నివాళ్ళింట్లో దీనికి 12 మీటర్ల కేబుల్ పట్టింది.

వైర్‌లెస్ రిపీటర్ కొనమని నేనెవరికీ చెప్పను. సిగ్నల్ రాని గదిలో దాన్ని పెడితే తిరిగి పంపడానికి దాని దగ్గరే ఏమీ ఉండదు. సిగ్నల్ ఉన్నచోట పెట్టినా, మామూలు రకాలు ఒకే ఛానెల్‌లో విని మళ్ళీ అందులోనే పంపాలి గనక వేగం సగానికి పడిపోతుంది.

చోటు మార్చినా పని జరగని ఇళ్ళు

కొత్త ఎత్తైన అపార్ట్‌మెంట్లలో కొన్నింటిని మైవాన్ షట్టరింగ్‌తో కడుతున్నారు. వాటిలో గదుల మధ్య గోడలు కూడా కాంక్రీటే. గోడకి కన్నం వేసినప్పుడు డ్రిల్ సులువుగా దిగకపోతే, మధ్యలో చువ్వ తగిలితే మీది అలాంటి ఇల్లే. అక్కడ తలుపు ఎదురుగా లేని ప్రతి గదికీ విడిగా కేబుల్ వెళ్ళాల్సిందే. ఇంటీరియర్ పని మొదలుపెట్టకముందే ఎలక్ట్రీషియన్‌తో ఒక్కో గదికీ ఒక క్యాట్ 6 లాగించేయండి. తర్వాత అడిగితే గోడ మీద పట్టీ కొట్టడం తప్ప దారి ఉండదు.

డూప్లెక్స్ ఇంట్లో శ్లాబు గుండా పైకి పంపాలని చూడొద్దు. రూటర్‌ని మెట్లు మొదలయ్యే చోట పెడితే సిగ్నల్ మెట్ల ఖాళీలోంచి పైకి వెళుతుంది. ఇలాంటప్పుడు ఒక యాంటెన్నాని పడుకోబెట్టండి. పై గదుల్లో తలుపులు మూసి కొలిచినప్పుడు -70 కన్నా కిందికి దిగితే కేబుల్‌ని మెట్ల పక్కనుంచే పైకి తీసుకెళ్ళి అక్కడొక యాక్సెస్ పాయింట్ పెట్టండి.