వానలు మొదలయ్యేలోపే రెండో రౌటర్‌లో డీహెచ్‌సీపీ ఆపేయండి

వాన, గాలి మొదలైతే మా పర్లాకిమిడిలో కరెంటు రోజుకి ఎన్నిసార్లు పోయి వస్తుందో లెక్కుండదు. ఎండాకాలమంతా బాగానే నడిచిన రెండో రౌటర్ అప్పుడే ఇల్లంతటికీ నెట్ లేకుండా చేస్తుంది. పాత రౌటర్‌ని వెనక గదిలో పెట్టుకున్నవాళ్లు, పెట్టుకోవాలనుకుంటున్నవాళ్లు ఇది ఇప్పుడే చూసుకోండి.

మా పిన్నివాళ్ల ఇల్లు వీధి నుంచి పెరడు దాకా రైలుపెట్టెలా పొడవుగా ఉంటుంది. ఫైబర్ బాక్స్ వీధిగదిలో ఉంది, వెనక గదికి వైఫై అందదు. అందుకని బావ మూలన పడున్న పాత రౌటర్ తెచ్చి, కేబుల్ లాగి, వెనక పెట్టాడు. కానీ అందులో ఫోన్లకి అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీని ఆపలేదు. కొన్నాళ్లు ఏ ఇబ్బందీ రాలేదు. ఓ రాత్రి కరెంటు పోయి వచ్చాక పిన్ని ఫోన్: "వైఫై ఉన్నట్టే చూపిస్తోంది గానీ ఏదీ తెరుచుకోవట్లేదురా, పిల్లకి రేపు పరీక్ష, టెన్షన్ పడుతోంది."

వెళ్లి ఆ పిల్ల ఫోన్‌లో వైఫై వివరాలు తెరిచి చూస్తే గేట్‌వే దగ్గర `192.168.0.1` అని ఉంది. అది పాత రౌటర్ అడ్రస్. ఉండాల్సింది ఫైబర్ బాక్స్‌ది, `192.168.1.1`. ఇంట్లో ప్రతి ఫోనుకీ అడ్రస్ పంచేది, బయటికి దారి ఏదో చెప్పేది డీహెచ్‌సీపీ. ఆ పని ఇద్దరు చేస్తుంటే ఎవరు ముందు పలికితే ఫోను వాళ్ల మాటే వింటుంది. కరెంటు రాగానే పాత రౌటర్ తొందరగా లేచింది, ఫైబర్ బాక్స్ లేవడానికి ఇంకొన్ని నిమిషాలు పట్టింది, ఈలోగా ఫోన్లు పాతదాని దగ్గర అడ్రస్ తీసేసుకున్నాయి. దాని గుండా బయటికి దారే లేదు.

సరిచేయడం కష్టం కాదు, వరస తప్పకూడదంతే. ముందు రెండో రౌటర్‌ని మెయిన్ బాక్స్, అంటే ఫైబర్ బాక్స్ నుంచి విడదీసి, ఒక్క లాప్‌టాప్‌నే దాని లాన్ పోర్టుకి కేబుల్‌తో కలపండి. బ్రౌజర్‌లో దాని అడ్రస్ తెరిస్తే వచ్చే సెట్టింగుల్లో `Access Point Mode` కనిపిస్తే అది ఎంచుకుంటే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది. అది లేని పాతవాటిలో ముందు వైఫై పేరు, పాస్‌వర్డ్ పెట్టండి, అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చండి. తర్వాత లాన్ ఐపీని, అంటే ఆ రౌటర్ సొంత అడ్రస్‌ని, మెయిన్ బాక్స్ అడ్రస్ `192.168.1.1` అయితే `192.168.1.2` చేసి సేవ్ చేయండి. రౌటర్ మళ్లీ లేచాక ఆ కొత్త అడ్రస్‌తో లోపలికి వెళ్లి, అప్పుడు `DHCP Server` ఆపండి. డీహెచ్‌సీపీ ముందే ఆపేస్తే లాప్‌టాప్‌కి అడ్రస్ ఇచ్చేవాళ్లుండరు, సెట్టింగుల పేజీ తెరుచుకోదు. అలా ఇరుక్కుంటే లాప్‌టాప్‌కి మీరే `192.168.1.50`, మాస్క్ `255.255.255.0` ఇచ్చి `192.168.1.2` తెరవండి. ఐపీ ఇంకా మార్చకుండా ఇరుక్కున్నవాళ్లయితే `192.168.0.50` ఇచ్చి పాత అడ్రసే తెరవాలి.

ఇక్కడ చాలామంది మర్చిపోయేది ఒకటుంది. మెయిన్ బాక్స్ పంచే అడ్రస్‌లు `192.168.1.2` నుంచే మొదలైతే, ఏదో ఒక రోజు అదే నంబరు ఎవరి ఫోనుకో వెళ్తుంది, రెండూ కొట్టుకుంటాయి. పిన్నివాళ్ల ఇంట్లో అలాగే ఉంది, అందుకే మెయిన్ బాక్స్‌లో పంచే వరసని `192.168.1.100` నుంచి `192.168.1.200` వరకు కుదించాం.

ఇప్పుడు కేబుల్ కలపండి. మెయిన్ బాక్స్ లాన్ పోర్టు నుంచి రెండోదాని లాన్ పోర్టుకే. రంగు వేరుగా ఉండే వాన్ పోర్టు ఖాళీగా వదిలేయాలి, ఎందుకంటే దానికి పెడితే చాలా రౌటర్లు వెనక గదిని వేరే నెట్‌వర్క్ చేసేస్తాయి. రెండింటి మధ్య ఒక్క కేబులే ఉండాలి. స్పీడ్ పెరుగుతుందని రెండోది కూడా గుచ్చితే ట్రాఫిక్ గిరగిరా అక్కడే తిరిగి మొత్తం ఆగిపోతుంది.

పనైపోయిందనుకోకుండా మెయిన్ స్విచ్ ఆపి మళ్లీ వేయండి. రెండూ పూర్తిగా లేచాక వెనక వైఫైకి కలిసిన ఫోన్‌లో గేట్‌వే `192.168.1.1` అని ఉండాలి. మేం మూడుసార్లు చూశాకే కదిలాం. ఎవరైనా రీసెట్ బటన్ నొక్కితే మాత్రం డీహెచ్‌సీపీ మళ్లీ మొదలవుతుంది, కాబట్టి రౌటర్ మీదే "రీసెట్ చేయొద్దు, 192.168.1.2" అని కాగితం అంటించాం.

కేబుల్ పెరట్లోంచి ఆరుబయట వెళ్తుంటే ఇంకో జాగ్రత్త. దగ్గర్లో పిడుగు పడితే ఆ రాగి తీగలో పుట్టే వోల్టేజి రెండు చివర్లలోని పోర్టుల్నీ కాల్చేయొచ్చు, ప్లగ్ పీకినా కేబుల్ గుచ్చి ఉంటే ఆ ప్రమాదం పోదు. అందుకే మబ్బు పట్టగానే, ఉరుములు దగ్గరపడకముందే, పిన్ని కరెంటు ప్లగ్‌లతో పాటు ఆ కేబుల్‌ని కూడా రెండు వైపులా తీసేస్తోంది. ఉరుములు మొదలయ్యాక మాత్రం దాన్ని ముట్టుకోవద్దని చెప్పాం.